పాపిట మీద పిండి: సీమంతం ఫోటో కింద ఏం రాయాలి

శ్రోతలందరికీ నమస్కారం. మొన్న తిరుపతిలో మా తమ్ముడి కూతురికి ఏడో నెల సీమంతం చేసినాం, ఆ ఫోటోల కింద నాలుగు లైన్లు రాయడానికి ఇంటిల్లిపాదీ ఒక సాయంత్రం అంతా కూర్చున్నాం. ఇంతకీ అంతసేపు ఎందుకు పట్టిందో ఈ రోజు మీకు చెప్తాను.

అమ్మాయిని ఇంట్లో చిట్టి అంటాం. మేడ మీద షామియానా వేసి, కుర్చీకి పూలు కట్టి, తిరుచానూరు అమ్మవారి కుంకుమ తెచ్చిపెట్టి, ఒక్కొక్కరుగా వచ్చి బుగ్గలకి గంధం పూసి, గాజులు తొడిగి, అక్షింతలు వేసినారు. సాయంత్రానికి మా తమ్ముడి కొడుకు ఫోన్లో కాప్షన్ టైప్ చేసి నాకు చూపించినాడు. "మా చిట్టి శ్రీమంతం వేడుక. విచ్చేసి ఆశీర్వదించిన ముత్తైదువలందరికీ ధన్యవాదాలు" అని. చదవడానికి బాగానే ఉంది, పెళ్లి కార్డు మాదిరి. కానీ నాకు మూడు చోట్ల మనసు ఆగింది.

మొదటిది శ్రీమంతం. మన పక్క చాలా మంది అట్లనే అంటారు, నోటితో అంటే తప్పేం లేదు. రాసేటప్పుడు మాత్రం సీమంతం అని రాస్తే ఆ మాటలో ఉన్న అర్థం బయటికి వస్తుంది. సీమంతం అంటే పాపిట. సీమంతోన్నయనం అంటే పాపిట పైకి దువ్వడం. షోడశ సంస్కారాల్లో ఇదొకటి. పాత పద్ధతిలో భర్తే దర్భలు, మేడికాయల గుత్తి, ఏదుపంది ముల్లు పట్టుకొని భార్య నుదుటి నుంచి వెనక్కి పాపిట తీస్తాడు. ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో ఆ ముల్లూ మేడికాయలూ లేవు, గాజులూ పూలజడా చలిమిడీ మిగిలినాయి. మాట మాత్రం పాపిటదే.

రెండోది ధన్యవాదాలు. ఆఫీసులో సార్‌కి చెప్పొచ్చు, హాలు మాట్లాడిపెట్టినాయనకి చెప్పొచ్చు. చిట్టిని పుట్టినప్పుడు నీళ్లు పోసి పెంచిన పెద్దమ్మకి ధన్యవాదాలు అని రాస్తే ఆమెను పరాయిదాన్ని చేసినట్టు ఉంటుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లకి థాంక్స్ చెప్పే మాట విడిగా ఉండదు, దండం పెడతాం. వాళ్లు చేసింది చెప్పి నమస్కారం అంటే చాలు, దాంట్లోనే అంతా ఉంటుంది. కాబట్టి "దీవించిన పెద్దలకు చిట్టి నమస్కారాలు" అని మార్చినాం. అందరికీ కలిపి ఒక్క మాట రాసేకన్నా ఎవరు ఏం చేసినారో ఒక్క ముక్క రాస్తే, ఆ ఫోటో చూసుకునే పెద్దావిడకి నన్ను గుర్తు పెట్టుకున్నారే అనిపిస్తుంది.

మూడోది ముత్తైదువలు. ఇక్కడే నేను ఎక్కువసేపు ఆగిపోయినాను, ఎందుకంటే మా అమ్మ ఆ మాటలోకి రాదు. మా నాయన పోయి ఎనిమిదేళ్లు అయింది. ఆ రోజు తెల్లవారుజామున లేచి రాత్రి నానబెట్టిన బియ్యం వడకట్టి, ఆ తడి మీదనే పట్టించిన పిండి జల్లించి, బెల్లం పాకం పట్టి, కొబ్బరి ముక్కలు, యాలకుల పొడి వేసి చలిమిడి కలిపింది మా అమ్మే. పిండి ఆరిపోతే చలిమిడి సాగదు, పగుళ్లు వచ్చి పొడిపొడిగా రాలిపోతుంది, అందుకే తడి గుడ్డ కప్పుకోని దాని పక్కనే కూర్చునింది. పైన గాజులు తొడిగేటప్పుడు మాత్రం రాలేదు. ఎవరూ రావద్దని చెప్పలేదు, ఆమే వంటింటి గడప దగ్గర నిలబడిపోయింది, ఆ వయసు వాళ్లకి అది ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయిన పద్ధతి.

అందరూ అక్షింతలు వేసినాక చిట్టి లేచి, పూలజడ బరువుకి తల పట్టుకోని, మెల్లగా మెట్లు దిగి వంటింటి కాడికి పోయింది. అవ్వ కాళ్లకి దండం పెడదామని వంగబోతే మా అమ్మ భుజం పట్టుకోని ఆపేసి, "వంగొద్దు పాపా, కడుపు జాగ్రత్త, నిలబడే ఉండు" అనింది. చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయి అట్లనే నెత్తిన పెట్టింది. చెయ్యి తీసినాక చూస్తే చిట్టి పాపిట పొడుగునా తెల్లగా బియ్యప్పిండి. ఎవరో ఆ క్షణంలో ఫోటో తీసినారు. ఆ రోజు తీసిన వందల ఫోటోల్లో సీమంతం అనే మాటకి సరిపోయేది నాకు ఆ ఒక్కటే కనిపించింది.

అట్లాంటప్పుడు "ముత్తైదువలందరికీ" అని రాస్తే ఆ చెయ్యి లేనట్టే కదా. మీ ఇళ్లలో కూడా ఒక అవ్వో, పెద్దమ్మో, పెళ్లి కాని మేనత్తో ఉంటారు, ఆ ఒక్క మాటతో వాళ్లు బయట ఉండిపోతారు. పెద్దలు అని రాస్తే అందరూ వస్తారు, తాతలూ మామలూ కూడా వస్తారు.

ఇంకో చిన్న విషయం. మా మామ ఒకాయన "పండంటి మగబిడ్డను కనాలి అని కూడా రాయండి" అన్నాడు, ప్రేమతోనే అన్నాడు. అందరూ చూసే చోట అట్ల రాస్తే స్కాన్‌లో తెలిసిందేమో అని చదివినవాళ్లు అనుకుంటారు, 1994లో వచ్చిన చట్టం ప్రకారం కడుపులో ఉండేది ఆడో మగో చెప్పడం నేరం. అదీ కాక రేపు ఆడపిల్ల పుట్టి పెద్దదై ఆ లైన్ చదువుకుంటే ఏమనుకుంటుంది? అందుకని "పండంటి బిడ్డ" అని పెట్టినాం. ఆసుపత్రి పేరు, డాక్టరు చెప్పిన కాన్పు తేదీ రాయలేదు, అవి ఇంటివాళ్లకి తెలిస్తే చాలు.

ఇన్‌స్టాలో కాప్షన్ మొదటి ఒకటి రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కి తెరిస్తేనే వస్తుంది. పెద్దవాళ్లు నొక్కరు. కాబట్టి పూల బొమ్మలు, హ్యాష్‌ట్యాగులు ముందు పెట్టకుండా మనుషుల్ని ముందు పెట్టినాం. చివరికి రాసింది ఇది:

"చలిమిడి కలిపిన అవ్వ చెయ్యి మా చిట్టి పాపిట మీద పడింది, ఇదే మా సీమంతం. పెద్దత్త తొడిగిన గాజులు, చిన్నమ్మ అల్లిన పూలజడ, తాత చదివిన ఆశీర్వచనం, అన్నీ తీసుకోని ఏడో నెల అమ్మ మా చిట్టి కూర్చుంది. పండంటి బిడ్డను కనమని దీవించిన పెద్దలందరికీ చిట్టి, అల్లుడు నమస్కారాలు."

మా అమ్మకి చదువు రాదు. అందుకని చిట్టి పక్కన కూర్చోని ఫోన్ పట్టుకోని చదివి వినిపించింది. మా అమ్మ మొత్తం విని కాసేపు ఏమీ అనలేదు. మళ్లీ ఒకసారి చదవమనింది. రెండోసారి విన్నాక, "పిండి జల్లించింది నేను కాదు పాపా, ఎదురింటి మస్తానమ్మ. తెల్లారి నాలుగింటికి వచ్చింది పాపం. ఆమెను కూడా రాయి" అనింది.

చిట్టి అక్కడే కాప్షన్ తెరిచి, అవ్వ పేరు పక్కన మస్తానమ్మ పేరు చేర్చింది.