టమాటా ఎరుపు ఒంటికి పట్టేదెలా?

అందరికీ నమస్కారం.

టమాటా రసం మరకపడిన ప్లాస్టిక్ డబ్బాను ఎంత కడిగినా ఆ ఎరుపు వదలదు. కాస్త నూనె రాసి తుడవండి, గుడ్డకు రంగు అంటుకుని వస్తుంది. ఆ రంగే లైకోపీన్. అది నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. మన పేగుల్లోనూ ఇదే కథ.

వండని ఎర్ర టమాటాలో లైకోపీన్ సన్నని స్ఫటికాలుగా కణాల్లో ఇరుక్కుని ఉంటుంది. ఉడికిస్తే కణాల గోడలు మెత్తబడి అది బయటపడుతుంది. పక్కనే నూనె ఉంటే అందులోకి దిగుతుంది. పేగులో పైత్యరసం ఆ నూనెను సూక్ష్మమైన తునకలుగా చీలుస్తుంది. లైకోపీన్ వాటితోపాటే పేగు గోడ దాటి, కైలోమైక్రాన్లు అనే కొవ్వు రేణువులనెక్కి రక్తంలోకి చేరుతుంది.

మరి మేలు చేసింది వేడా, నూనా? 1992లో జర్మనీలో స్టాల్, సీస్ అనే శాస్త్రవేత్తలు టమాటా రసాన్ని 1 శాతం మొక్కజొన్న నూనెతో గంటసేపు మరిగించి తాగించారు. రక్తంలో లైకోపీన్ పెరిగింది. మరిగించని రసంతో పెరగలేదు. అయితే అక్కడ వేడి, నూనె రెండూ కలిసే ఉన్నాయి కాబట్టి ఘనత దేనిదో తేలలేదు. 1997లో వాళ్ల బృందమే తాజా టమాటాకూ, టమాటా పేస్టుకూ సమానంగా 15 గ్రాముల నూనె జోడించి చూసింది. లైకోపీన్ మోతాదు ఒకటే అయినా, పేస్టు తిన్నప్పుడు కైలోమైక్రాన్లలో 3.8 రెట్లు ఎక్కువ కనిపించింది. అంటే వేడికి, మెదపడానికి సొంత పాత్ర ఉంది. నూనె సంగతి 2005లో తేలింది. ఉడికించిన టమాటాలను 5 రోజులపాటు కొందరు ఆలివ్ నూనెతో, కొందరు నూనె లేకుండా తిన్నారు. మామూలు, అంటే ట్రాన్స్ రూపంలోని లైకోపీన్ నూనెతో తిన్నవాళ్లలో 82 శాతం పెరిగింది, తక్కినవాళ్లలో చెప్పుకోదగినంత మారలేదు. నాకు ఈ మూడో ప్రయోగమే ఎక్కువ నచ్చుతుంది. ఒక్క నూనెనే మార్చి చూశారు!

ఇంకో చిత్రం ఉంది. టమాటాలో లైకోపీన్ దాదాపు అంతా నిటారుగా ఉండే ట్రాన్స్ రూపమే. రక్తంలో మాత్రం సగానికి పైగా వంగిన సిస్ రూపంలో కనిపిస్తుంది. వంగినవి స్ఫటికాలుగా సులభంగా పేర్చుకోవు, అందుకే తేలిగ్గా కరుగుతాయి.

రక్తంలో దాన్ని మోసేది ఎక్కువగా ఎల్‌డీఎల్, అంటే కొలెస్ట్రాల్‌ను మోసే రేణువులు. కాబట్టి ఎల్‌డీఎల్‌ను బాగా లాక్కునే చోట్లకే అది చేరుతుంది. గ్రాముకు లెక్కేస్తే వృషణాలు, అడ్రినల్ గ్రంథులు ముందుంటాయి, తర్వాత కాలేయం. ప్రోస్టేట్‌లో అంతకన్నా తక్కువ. అక్కడ చేరింది కాబట్టి క్యాన్సర్‌ను ఆపుతుందని చెప్పేవారున్నారు, కానీ అది ఇంకా రుజువు కాలేదు. మొత్తం నిల్వలో మాత్రం కొవ్వు కణజాలానిది పెద్ద వాటా, ఒంట్లో దాని పరిమాణం ఎక్కువ కాబట్టి.

నిల్వ మితిమీరితే? 1960లో ప్రచురితమైన ఒక కేసులో, 61 ఏళ్ల మహిళ ఏళ్ల తరబడి రోజుకు సుమారు 2 లీటర్ల టమాటా రసం తాగింది. ఆమె చర్మం నారింజ రంగుకు తిరిగింది. కాలేయంలోనూ ఆ రంగే పేరుకుని ఉంది.