మూడుసార్లు మూసేసిన ఒకే కంప్లయింటు

శ్రోతలకు నమస్కారం.

ఒంగోలుకు దగ్గర్లో మా ఊరి పాల కేంద్రం లెక్కలు నేను చూస్తుంటాను. సాయంత్రం పూట రైతులు పోసిన పాలన్నీ వెయ్యి లీటర్ల కూలింగ్ ట్యాంకులోకి వెళతాయి. మర్నాడు ఉదయం పాలు కూడా అందులోనే కలిశాక డైరీ ట్యాంకరు వచ్చి పట్టుకుపోతుంది. ఒక వేసవిలో ఆ ట్యాంకు మమ్మల్ని రెండు నెలలు ఏడిపించింది. దాన్ని అమ్మిన కంపెనీ పేరు ఇక్కడ చెప్పను. వాళ్ళ రీజినల్ మేనేజరుకు మేము రాసిన ఉత్తరం గురించి మాత్రం చెబుతాను.

ట్యాంకు కొన్నప్పుడు ఇచ్చిన కాగితంలో, సగం ట్యాంకు పాలను 35 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు మూడున్నర గంటల్లో దించుతుందని రాసి ఉంది. మార్చి 11న సాయంత్రం ఏడున్నరకి 480 లీటర్లు పోశాం. పదకొండింటికి 4 డిగ్రీలు చూపించాల్సిన మీటరు 13 దగ్గరే ఉంది. 4కి వచ్చేసరికి రాత్రి ఒంటిగంట యాభై అయింది. టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే కంప్లయింటు నంబరు ఇచ్చారు. మూడోరోజు టెక్నీషియన్ కుర్రాడు వచ్చి, "గ్యాస్ తగ్గిందండీ" అని సిలిండరు పెట్టి నింపాడు. ట్యాంకు చల్లబడింది. ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగితే ఇచ్చాం. మార్చి 29న మళ్ళీ మొదటికొచ్చింది. ఏప్రిల్ 3న వచ్చి మళ్ళీ గ్యాస్ నింపారు. ఏప్రిల్ 17న మళ్ళీ అదే కథ, 20న మళ్ళీ గ్యాస్.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. ట్యాంకులో గ్యాస్ బండిలో పెట్రోలు లాంటిది కాదు, వాడుతుంటే అయిపోవడానికి. పైపుల్లో మూసిపెట్టిన చోటే అది తిరుగుతుంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టుకోకుండా గ్యాస్ నింపడం చిల్లు కుండలో నీళ్ళు పోయడమే. ఆ మాట కుర్రాడితో అంటే, పాపం, "నైట్రోజన్ సిలిండరు పెట్టి ప్రెషర్ చూడాలి సార్, అది మా దగ్గర లేదు, విజయవాడ నుంచి పంపాలి" అన్నాడు. తప్పు ఆ అబ్బాయిది కాదని అప్పుడే అర్థమైంది. విజయవాడలో ఎవరో ఒకరు సంతకం పెడితే తప్ప కదలని పని ఇది.

ఏప్రిల్ 27న దెబ్బ తగిలింది. ట్యాంకరుతో వచ్చిన మనిషి టెస్ట్‌ట్యూబులో కాసిని పాలు పోసి మరిగే నీళ్ళలో ఉంచాడు. మా కళ్ళ ముందే విరిగిపోయాయి. రాత్రివి 480, ఉదయానివి 430, మొత్తం 910 లీటర్లు తీసుకోనన్నాడు. అప్పటికే ఉదయం పాలు కూడా అందులో కలిపేశాం, అదే మా పొరపాటు. ఆ రోజే నాలుగో కంప్లయింటు పెట్టాం. ఎవరూ రాలేదు. ఏరియా సర్వీసు ఇన్‌చార్జికి 28న ఫోన్ చేస్తే రెండు రోజులన్నాడు. మే 2న చేస్తే రేపన్నాడు. మే 5న ఫోన్ ఎత్తలేదు.

ఆ రాత్రి కూర్చుని రీజినల్ మేనేజరుకు ఉత్తరం రాశాను. రెండు పేజీలు నిండింది. "మీరు రైతుల కడుపు కొడుతున్నారు" అని మొదలుపెట్టి, "పేపరుకెక్కిస్తాం" అని ముగించాను. మండలాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మా బాబాయికి చూపిస్తే, చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇందులో ఏడుపుంది గానీ అర్జీ లేదురా. ఆయనతో నీకేం పని?"

"లీకు పట్టించాలి బాబాయ్."

"మరా మాట ఏ పేజీలో ఉంది?"

ఎక్కడా లేదు. పేజీ తిప్పి చూసుకున్నాను కూడా.

తర్వాత ఆయనే ఇంకో మాట అడిగాడు. ఆ పెద్దమనిషి కంప్యూటరు తెరిస్తే నీ గురించి ఏం కనిపిస్తుంది? నేను అంతవరకూ ఆలోచించలేదు. ఆయనకు కనిపించేది మూడు కంప్లయింట్లు, మూడిటికీ ఓటీపీ అందింది, మూడూ పరిష్కారమై మూసేశారు. నాలుగోది వారం పైగా నడుస్తోంది. ఆయన లెక్కన మాది కష్టాల్లో ఉన్న కేంద్రం కాదు, మూడుసార్లు సేవ అందుకున్న కేంద్రం! కాబట్టి ఈ నాలుగూ నాలుగు కంప్లయింట్లు కాదని, రెండు నెలలుగా తెగని ఒకే కంప్లయింటని ఉత్తరంలో చూపించాలి.

అది చూపించింది మా టెంపరేచర్ పుస్తకం. కేంద్రంలో పనిచేసే కుర్రాడు పాలు పోసిన టైము, 4 డిగ్రీలకు వచ్చిన టైము, ఆ పూట వోల్టేజీ రోజూ రాసేవాడు. పుస్తకం తిరగేస్తే గ్యాస్ నింపిన మర్నాడు మూడు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. పదిరోజులకు నాలుగు గంటల నలభై. ఆ తర్వాత ఆరు గంటలు. మళ్ళీ గ్యాస్, మళ్ళీ మూడు గంటల ఇరవై, మళ్ళీ అదే దిగజారుడు. మొదటిసారి నింపిన గ్యాస్ పదిహేను రోజులు ఆగింది, రెండోసారి పద్నాలుగు, మూడోసారి ఏడు. మిషన్ల సంగతి తెలిసినవాడెవడైనా ఈ మూడు అంకెలు చూస్తే లీకు పెద్దదవుతోందని చెప్పేస్తాడు. ఇక తిట్లతో పనేముంది?

వోల్టేజీ సంగతి ఎందుకు రాశామంటే, కంపెనీ వాళ్ళ మొదటి జవాబు ఎప్పుడూ అదే. "మీ ఊళ్ళో కరెంటు బాగోదండీ." మా పుస్తకంలో ఆ రెండు నెలలూ మూడు ఫేజుల మీద 395కీ 420కీ మధ్యే ఉంది. రెండో జవాబు, వేడిని బయటికి వదిలే కండెన్సరు మీద దుమ్ము పట్టిందని. అది నిజంగానే మార్చిలో పట్టింది. ఆ మాట దాచొద్దన్నాడు బాబాయి. "మార్చి 12న కండెన్సరు మేమే శుభ్రం చేశాం, తేడా రాలేదు" అని ఒక వాక్యం రాయించాడు. వాళ్ళు ఎత్తి చూపబోయే లోపాన్ని మనమే తేదీతో సహా ముందు పెడితే, ఇక దాని మీద వాళ్ళు ఉత్తరాలు నడపలేరు.

చివరికి ఉత్తరం ఒక పేజీకి వచ్చింది. విషయం అన్నచోట మిషను సీరియల్ నంబరు, మొదటి కంప్లయింటు నంబరు, దాని తేదీ. కింద మొదటి పేరా ఇలా ఉంది, చదువుతాను.

"అయ్యా, మీ కంపెనీ సరఫరా చేసిన వెయ్యి లీటర్ల ట్యాంకులో మార్చి 11 నుంచి గ్యాస్ లీకవుతోంది. మూడుసార్లు గ్యాస్ నింపారు, ఒక్కసారీ లీకు పరీక్ష చేయలేదు. ఆ పరికరం స్థానికంగా లేదని తెలిపారు. మే 12వ తేదీ లోగా నైట్రోజన్ ప్రెషర్ పరీక్ష చేయించి, లీకు సరిచేసి, మా సమక్షంలో పాలతో నడిపి చూపించవలసిందిగా కోరుతున్నాము."

తర్వాత తేదీల పట్టిక. ఒక్కో వరుసలో తేదీ, కంప్లయింటు నంబరు, వాళ్ళు చేసిన పని, ఆ తర్వాత చల్లబడటానికి పట్టిన టైము. ఫోన్లు కూడా తేదీలతో రాశాం గానీ, ఇన్‌చార్జి ఎలా మాట్లాడాడన్నది రాయలేదు. ఆయన ఏం చెప్పాడో, ఏం జరిగిందో, అంతే. ఉత్తరం నకలు ఆయనకీ పంపాం. చాటుగా పితూరీ చెప్పినట్టు ఉండకూడదు కదా.

నష్టం వేరే పేరాలో పెట్టాం. 910 లీటర్లు, లీటరు 40 రూపాయల చొప్పున 36,400. ఏప్రిల్ 28 నుంచి మే 5 దాకా క్యాన్లను పక్క ఊరి కేంద్రానికి తోలిన ఆటోకి రోజుకు 1,100 చొప్పున 8,800. మొత్తం 45,200. కాగితం లేని పైసా అందులో కలపలేదు. డైరీ వాళ్ళు పాలు తిప్పిపంపిన స్లిప్పు, ఆటో రసీదులు, టెక్నీషియన్ చేసిన పని రాసిచ్చిన మూడు జాబ్‌కార్డుల జిరాక్సులు, టెంపరేచర్ పుస్తకంలో పేజీలు జతచేశాం. వారంటీ ఆగస్టు 31తో అయిపోతుంది కాబట్టి, ఈ లోపం వారంటీ నడుస్తుండగా మార్చి 11నే తెలియజేశామని ఒక వాక్యం చేర్చాం. కంపెనీ ఆలస్యం చేస్తే మన వారంటీ కరిగిపోకుండా ఆ వాక్యం కాపాడుతుంది.

కోర్టు మాట రాయలేదు. ఇంట్లో ఫ్రిజ్, వాషింగ్ మిషన్ లాంటివాటికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు, దానికి రెండేళ్ళ గడువుంది. వ్యాపారానికి కొన్న వస్తువైతే మాత్రం మీరు వినియోగదారుడే కాదని అవతలివాళ్ళు వాదిస్తారు. జీవనోపాధి కోసం సొంతంగా నడుపుకునేవాళ్ళకి చట్టం మినహాయింపు ఇచ్చింది గానీ, మాలాంటి కేంద్రం అందులోకి వస్తుందో రాదో తేల్చడానికే ఏళ్ళు పట్టొచ్చు. గెలుస్తామో లేదో తెలియని బెదిరింపు ఉత్తరానికి బరువు కాదు.

మే 6న మెయిల్ చేసి, అదే కాగితం స్పీడ్ పోస్టులో కూడా వేశాం. 8న విజయవాడ నుంచి ఫోనొచ్చింది. మాట్లాడినాయన మొదట అడిగింది పాల నష్టం సంగతి కాదు, "ఆ పదిహేను, పద్నాలుగు, ఏడు రోజుల లెక్క రోజువారీ రాసిందేనా?" అని. పదో తేదీన ఇద్దరొచ్చారు. నైట్రోజన్ ఎక్కించి, జాయింట్లన్నిటికీ సబ్బు నురగ పూశారు. బయట అంతా బాగానే ఉంది. కంప్రెసరు వెనక, సన్నటి రాగి పైపు ఇనప ఫ్రేముకు ఆనుకుని అదురుతూ అరిగిన చోట బుడగలు లేచాయి. కింద చమురు మరక, చిటికెన వేలి గోరంత. వెల్డింగు చేసి, లోపలి గాలి మొత్తం లాగేసి, ఈసారి గ్యాస్ తూకం వేసి ఎక్కించారు. ఓటీపీ అడిగారు. మా కుర్రాడు మర్యాదగానే, "సాయంత్రం పాలు పోసి చూశాక ఇస్తామండీ" అన్నాడు. పాపం, రాత్రి పదకొండింటి దాకా కూర్చున్నారు. మూడు గంటల పది నిమిషాల్లో 4 డిగ్రీలకు వచ్చింది. అప్పుడు జాబ్‌కార్డు మీద ఆ టైము రాయించి సంతకం పెట్టాం.

డబ్బు సంగతి అంత సజావుగా తేలలేదు. వారంటీ షరతుల ప్రకారం పాల నష్టం మాకు సంబంధం లేదని రాసి పంపారు. ఆటో కిరాయి ఇచ్చారు. మళ్ళీ రాస్తే, వారంటీ అయ్యాక ఒక ఏడాది సర్వీసు ఉచితమన్నారు. పాల డబ్బులు కేంద్రం నిధిలోంచే రైతులకు చెల్లించాం. ఇప్పుడు ఉదయం పాలు కలిపే ముందు, రాత్రి పాలు ఒక టెస్ట్‌ట్యూబులో కాచి చూస్తున్నాం.

నమస్కారం.