180 పేజీల నోట్స్, 36 పేజీల బుక్‌లెట్: మూడు వారాలు వాడాక రివ్యూ

నమస్తే అండీ. ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ చిన్న పుస్తకం షాపులో కొన్నది కాదు. ఈఏపీసెట్ రాయబోతున్న మా తమ్ముడు, నేనూ కలిసి వాడి ఇంటర్ ఫిజిక్స్ నోట్స్‌లోంచి తయారుచేసుకున్నది. తొమ్మిది ఏ4 కాగితాలు మధ్యకు మడిచి పిన్ కొడితే 36 పేజీలు వచ్చాయి. మూడు వారాలుగా వాడు రోజూ దీన్నే చదువుతున్నాడు. ఇందులో ఏది పనికొచ్చిందో, ఏది పనికిరాలేదో ఇవాళ చూపిస్తాను.

ముందు ఒక మాట చెప్పాలి. ఇది రెండో బుక్‌లెట్. మొదటిది దసరా సెలవుల్లో చేశాం. నోట్స్ ముందు పెట్టుకుని, బాక్స్ కట్టిన ప్రతి ఫార్ములానీ వరసగా ఎక్కించాం. చూడ్డానికి చాలా బాగుండేది. కానీ దాన్ని నాలుగుసార్లు తిరగేశాక కూడా మాక్ టెస్టులో మార్కులు కదల్లేదు. ఎందుకో తెలుసుకుందామని వాడి చేత పాత పేపర్లు మూడు టైమర్ పెట్టి రాయించాను. పేపరుకి ఫిజిక్స్ 40 ప్రశ్నలు, అంటే మొత్తం 120. అందులో 47 తప్పులు వచ్చాయి. ఒక్కొక్క తప్పు పక్కన అది ఎందుకు జరిగిందో రాయమన్నాను. ఫార్ములా తెలియక పోయినవి తొమ్మిదే. లెక్క తప్పినవి పద్నాలుగు. మిగిలిన ఇరవై నాలుగింటిలో ఫార్ములా వాడికి వచ్చు, కానీ అది ఆ ప్రశ్నకు పనికిరాదని గమనించలేదు. మా మొదటి బుక్‌లెట్‌లో ఈ ఇరవై నాలుగింటికి మందే లేదు.

అందుకే రెండోదాంట్లో ప్రతి ఫార్ములా కింద ఇంకో రెండు లైన్లు పెట్టాం. నల్ల ఇంకుతో ఫార్ములా, నీలంతో అది ఎప్పుడు చెల్లుతుందో, ఎర్రగా పరీక్షలో ఎక్కడ పడగొడతారో. ఒక ఉదాహరణ చూడండి. స్క్రీన్ మీద పెడుతున్నాను.

```
s_n = u + a(n - 1/2)
```

n వ సెకనులో వస్తువు ఎంత కదిలిందో చెప్పే ఫార్ములా ఇది. ఇప్పుడు ప్రశ్న: బంతిని సెకనుకు 25 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు, g 10 అనుకోండి, మూడో సెకనులో అది ప్రయాణించిన దూరం ఎంత? ఫార్ములాలో వేస్తే 25 లోంచి 25 పోయి సున్నా వస్తుంది. ఆప్షన్లలో సున్నా కూడా ఉంటుంది. మావాడు టక్కున అదే పెట్టాడు. కానీ ఒక సెకను పాటు గాల్లో ఉన్న బంతి అసలు కదలకుండా ఎలా ఉంటుంది? ఆ సున్నా స్థానభ్రంశం. వాళ్లు అడిగింది దూరం.

బంతి 2.5 సెకన్లకు పైకొన చేరుతుంది. రెండో సెకను చివర దాని వేగం 5, అక్కడి నుంచి అర సెకనులో 1.25 మీటర్లు పైకి వెళ్తుంది, మిగిలిన అర సెకనులో మళ్లీ 1.25 మీటర్లు కిందికి దిగుతుంది. కాబట్టి దూరం 2.5 మీటర్లు. బుక్‌లెట్‌లో నీలం లైను ఇలా ఉంది: "ఇచ్చేది స్థానభ్రంశం. ఆ సెకనులో వస్తువు వెనక్కి తిరగకపోతేనే దూరం కూడా ఇదే." ఎర్ర లైను: "ముందు u/g కట్టు. అది n-1 కీ n కీ మధ్య పడితే రెండు ముక్కలుగా చెయ్యి." ఈ ఎర్ర లైను వాడి నోట్స్‌లో ఎక్కడా లేదు. తప్పు చేసిన పేపర్లోంచి వచ్చింది.

షార్ట్‌కట్లకు కూడా ఇదే పద్ధతి. సగటు వేగానికి అందరికీ నోటికొచ్చే షార్ట్‌కట్ 2v₁v₂/(v₁+v₂). సగం దూరం 40 తో, సగం దూరం 60 తో వెళ్తే 48 వస్తుంది, అది కరెక్టే. కానీ ప్రశ్నలో "సగం సమయం" అని ఉంటే జవాబు 50. ఒక్క పదం మారిందంతే. ఆప్షన్లలో 48, 50 రెండూ ఉంటాయని వేరే చెప్పక్కర్లేదు. ఎప్పుడు చెల్లుతుందో రాయలేని షార్ట్‌కట్‌ని మేం బుక్‌లెట్‌లోకి రానివ్వలేదు. అలా పదకొండు షార్ట్‌కట్లు బయటే ఉండిపోయాయి. v = u + at లాంటివి కూడా తీసేశాం, అవి నిద్రలో అడిగినా వస్తాయి కదా.

ఇప్పుడు లోపాల సంగతి. ఎత్తి రాసేటప్పుడు పెద్ద పొరపాటు ఒకటి దొర్లింది. ప్రొజెక్టైల్ రేంజ్ u² sin 2θ / g. బుక్‌లెట్‌లో అది u² sin²θ / g అయింది. చిన్న అక్షరాల్లో ఆ 2 కాస్త పైకి జరిగింది, అంతే. వారం రోజులు వాడు తప్పు ఫార్ములానే చదివాడు. డైమెన్షన్స్ చూసినా ఇది దొరకదు, ఎందుకంటే రెండింటికీ డైమెన్షన్స్ ఒకటే. దీన్ని పట్టుకునే దారి, జవాబు ముందే తెలిసిన విలువ ఒకటి వేసి చూడటం. నిట్టనిలువుగా విసిరితే, అంటే θ 90 డిగ్రీలైతే, రేంజ్ సున్నా రావాలి. సరైన ఫార్ములాలో సున్నాయే వస్తుంది, తప్పుదాంట్లో u²/g వస్తుంది. ఆ తర్వాత ప్రతి ఫార్ములాకీ ఇలాంటి విలువ ఒకటి వేసి, సరిపోతేనే పక్కన టిక్ పెట్టాం. రెండు సాయంత్రాలు పట్టింది. ఇంకో రెండు తప్పులు దొరికాయి. మీరు చేసేటట్టయితే ఈ పని మాత్రం వదలకండి.

రెండో లోపం నాకు ఇంకా ముఖ్యంగా అనిపించింది. మన నోట్స్ సబ్జెక్టు వారీగా ఉంటాయి కాబట్టి, రెండు సబ్జెక్టుల మధ్య ఉన్న చిక్కు ఏ నోట్స్‌లోనూ కనపడదు. ఉష్ణగతికశాస్త్రం మొదటి నియమమే తీసుకోండి. ఫిజిక్స్‌లో మనం ΔU = Q - W అని రాస్తాం, అక్కడ W అంటే వాయువు చేసిన పని. కెమిస్ట్రీలో ΔU = q + w, అక్కడ w అంటే వాయువు మీద జరిగిన పని. వాయువుకు 500 జౌళ్ల వేడి ఇచ్చాం, అది వ్యాకోచించి 200 జౌళ్ల పని చేసింది. ఫిజిక్స్‌లో 500 - 200 = 300. కెమిస్ట్రీలో w విలువ -200, కాబట్టి మళ్లీ 300. రెండూ ఒకటే చెబుతున్నాయి. కానీ కెమిస్ట్రీ ఫార్ములాలో ఫిజిక్స్ W ని వేస్తే 700 వస్తుంది. ఇంటర్ పిల్లల్లో ఈ తప్పు చాలామంది చేస్తారు, పాపం వాళ్లకు రెండు ఫార్ములాలూ కంఠతా వచ్చు. మా 36 పేజీల్లో ఇది లేదు. పోయిన ఆదివారం మాక్‌లో మావాడు తప్పు చేశాకే తెలిసింది.

అదృష్టం కొద్దీ చివర నాలుగు పేజీలు ఖాళీగా వదిలాం. మాక్ రాసిన రోజు రాత్రే, ఆ రోజు చేసిన తప్పుల్లో ఫార్ములా తెలిసీ జారినవి మాత్రమే అక్కడికి ఎక్కాలని నియమం పెట్టుకున్నాం. ఒక పేజీన్నర నిండింది. ఈ 700 జౌళ్ల లెక్క అందులో చివరిది. దాని పక్కన "ఎవరు చేసిన పని?" అని మావాడు ఎర్ర పెన్నుతో రాసుకున్నాడు.