మానేసినా మిషన్‌లో మిగిలిన వేలు

(జడ్చర్లలో కార్మికులు, హెచ్‌ఆర్ ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్తే. నైట్ షిఫ్ట్ దిగి నిద్ర మానుకుని నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు ముందు వరుసలోనే కనిపిస్తున్నారు. అందుకే అసలు విషయానికే వస్తాను.

నేను పద్నాలుగేళ్లు ఫ్యాక్టరీ టైం ఆఫీసులో పనిచేశాను. ఏ ఫ్యాక్టరీ అన్నది ఇప్పుడు అవసరం లేదు. ఒకరోజు పొద్దున, నాలుగేళ్ల కింద మానేసిన ఆపరేటర్ ఒకాయన పీఎఫ్ పేపర్ల మీద సంతకం కోసం వచ్చాడు. బాలానగర్ వైపు ఊరు. సెక్యూరిటీ దగ్గర రిజిస్టర్‌లో పేరు రాసి, పాత అలవాటు కొద్దీ పక్కనే ఉన్న హాజరు మిషన్ మీద బొటనవేలు పెట్టాడు. మిషన్ 'థాంక్యూ' అంది. స్క్రీన్ మీద ఆయన పేరు, పాత ఎంప్లాయీ కోడ్ వచ్చాయి. ఆయన నా వైపు తిరిగి, "సార్, నేను నాలుగేళ్ల కింద మానేసిన కదా, నా వేలు ఇంకా ఇండ్ల ఎందుకున్నది?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ వేలు అక్కడ ఉంచాలని ఎవరూ అనుకోలేదు. తీసెయ్యాలని కూడా ఎవరూ అనుకోలేదు. ఆయన అడిగిన ఆ ఒక్క ప్రశ్న గురించే ఇవాళ మాట్లాడతాను.

ముందు ఒక అపోహ తీరాలి. గేటు దగ్గర మిషన్‌కు ఆధార్‌తో కనెక్షన్ ఉందని మనలో చాలామంది నమ్ముతారు. మామూలు ప్రైవేటు ఫ్యాక్టరీలో అలా ఉండదు. సర్కారు ఆఫీసుల్లో వాడే ఆధార్ హాజరు పద్ధతి వేరు. అక్కడ మీ వేలిని ఆధార్ సంస్థ దగ్గరున్న ముద్రతో పోల్చి చూస్తారు. ఫ్యాక్టరీ మిషన్ మాత్రం చేరిన రోజున మీ వేలిని రెండు మూడు సార్లు పెట్టించుకుని, తన లెక్క తానే తయారు చేసుకుంటుంది. వేలి మీద గీతలు ఎక్కడ ఆగిపోయాయి, ఎక్కడ రెండుగా చీలాయి అన్న గుర్తులను అంకెలుగా మార్చి దాచుకుంటుంది. దాన్నే టెంప్లేట్ అంటారు. మీరు రోజూ వేలు పెట్టినప్పుడు కొత్త గుర్తులను ఆ పాత గుర్తులతో పోల్చి, కలిస్తే పంచ్ వేస్తుంది. సాల్వెంట్లతో, పదే పదే చేతులు కడుక్కోవడంతో ఫార్మా వాళ్ల వేళ్లు అరుగుతాయి. బస్తాలు మోసే మిర్యాలగూడ మిల్లు హమాలీల వేళ్లూ అంతే. మిషన్ ఊరికే 'మళ్లీ ప్రయత్నించండి' అనడానికి అదీ ఒక కారణం. అలాంటివాళ్లకు కార్డో, నంబరో ఇవ్వడం యాజమాన్యం పని. మిషన్ గుర్తుపట్టలేదని ఒక రోజు జీతం కొయ్యడం తప్పు.

టెంప్లేట్ అంటే వేలి ఫొటో కాదు కదా, భయం ఎందుకు అంటారు. నిజమే, ఫొటో కన్నా దానితో ముప్పు తక్కువ. అలాగని ముప్పు లేనట్టు కాదు. కొన్ని రకాల టెంప్లేట్ల నుంచి వేలిముద్రను పోలిన బొమ్మను తిరిగి గీయవచ్చని పరిశోధకులు చూపించారు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ముద్ర బొమ్మను కూడా దాస్తాయి. ముఖం గుర్తుపట్టే మిషన్లలో కొన్ని మీ ఫొటోను కూడా ఉంచుకుంటాయి. వేలిముద్రల కాపీలు ఎంత దూరం పోతాయో మన రాష్ట్రం 2018లోనే చూసింది. పెద్దపల్లి వైపు ఒకతను రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్ల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడని పోలీసులు పట్టుకున్నారు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, బొటనవేలిని మార్చుకోలేం.

ఇప్పుడు ఆ ఆపరేటర్ వేలు ఎక్కడెక్కడ ఉందో వెతికిన సంగతి చెబుతాను. అదే రోజు సాయంత్రం కూర్చుని మొదలుపెట్టాను. మా హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఆయన పేరు పక్కన 'ఇనాక్టివ్' అని ఉంది. నాలుగేళ్లుగా అది చూసే, పని అయిపోయిందనుకున్నాం. ఇనాక్టివ్ అంటే జీతం లెక్కలోంచి తీసెయ్యడం మాత్రమే. డిలీట్ కాదు. మెయిన్ గేటు మిషన్‌లో ఉంది. క్యాంటీన్ మిషన్‌లో ఉంది. టైం ఆఫీసు కంప్యూటర్‌లో ఉంది. ఆ కంప్యూటర్ నుంచి వారానికోసారి, మిషన్లు సప్లై చేసే వెండర్ తీసుకునే బ్యాకప్‌లో ఉంది. ఆ బ్యాకప్ ఏ ఊళ్లో, ఎవరి దగ్గర ఉందో మాలో ఒక్కరికీ తెలియదు. వీటన్నిటికన్నా నన్ను కుదిపేసింది ఇంకొకటి. అంతకు రెండేళ్ల ముందు పాడైన మిషన్ ఒకటి ఎక్స్‌ఛేంజ్‌లో వెండర్‌కు ఇచ్చేశాం. చలాన్ మీద సంతకం నాదే. డేటా తుడిచాకే ఇవ్వాలని నాకు తట్టలేదు. కొన్ని వందల మంది వేళ్లు నా చేతి మీదుగానే గేటు దాటిపోయాయి.

ఇక ఎక్సెల్ షీటు. కాంట్రాక్టర్‌కు నెలనెలా హాజరు లెక్క పంపాలి. అందులో ఉండాల్సింది పేరు, కోడ్, ఎన్ని రోజులు, ఎన్ని గంటల ఓటీ, అంతే. మా దగ్గర మాత్రం మాస్టర్ షీటునే వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లు. అందులో ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, తండ్రి పేరు, ఇంటి ఫోను, బ్లడ్ గ్రూపు అన్నీ ఉండేవి. పీఎఫ్ కోసం ఆధార్ నంబరు తీసుకోవడం సరైనదే. పీఎఫ్‌కు తీసుకున్నది గ్రూపులోని సూపర్‌వైజర్లందరికీ ఎందుకు?

చట్టం ఏమంటుందో ఇప్పుడు చెబుతాను. ఇక్కడ మనవాళ్లు తరచూ తప్పు మాట మీద పోరాడుతుంటారు. "నేను ఒప్పుకోలేదు, వేలు ఎట్ల తీసుకుంటరు?" అంటారు. ఇప్పుడు అమల్లో ఉన్నవి ఐటీ చట్టం కింద 2011లో వచ్చిన నియమాలు. వాటిలో బయోమెట్రిక్ సమాచారం సున్నితమైన సమాచారం, దాన్ని తీసుకోవడానికి రాతపూర్వక సమ్మతి కావాలి. అయితే ఆ సమ్మతి మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, మీరు దానిపై సంతకం పెట్టేసి ఉంటారు. తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. ఆ చట్టం 7వ సెక్షన్ ప్రకారం ఉద్యోగానికి సంబంధించిన అవసరాలకు యజమాని సమ్మతి లేకుండానే సమాచారాన్ని వాడుకోవచ్చు. అంటే సమ్మతి అనే డాలు రేపు ఇంకా పలచబడుతుంది.

అందుకే మనం పట్టుకోవాల్సిన మాట వేరే ఉంది. తీసుకున్న పని అయిపోయాక ఎందుకు ఉంచారు, ఎవరికి ఇచ్చారు? పాత నియమాల్లోనూ, కొత్త చట్టంలోనూ ఈ రెండు ప్రశ్నలకు బలం ఉంది. 2011 నియమాలు అవసరం తీరాక ఉంచుకోవద్దన్నాయి. ఒప్పందంలో ముందే ఒప్పుకుని ఉంటేనో, చట్టం అడిగితేనో తప్ప, మీ అనుమతి లేకుండా మూడో మనిషికి ఇవ్వొద్దన్నాయి. కొత్త చట్టం 8వ సెక్షన్ అవసరం తీరితే తుడిచెయ్యాలంటుంది, వెండర్ చేత కూడా తుడిపించే బాధ్యత కంపెనీదే అంటుంది. వెండర్ తప్పు చేశాడని కంపెనీ చేతులు దులుపుకోవడానికి లేదు. భద్రతా ఏర్పాట్లలో విఫలమైతే జరిమానా 250 కోట్ల దాకా పోవచ్చు.

దీనికి హెచ్‌ఆర్ వాళ్లు ఎప్పుడూ ఒకటే జవాబు చెబుతారు: "లేబర్ ఇన్‌స్పెక్షన్‌కు రికార్డు ఉంచాలి." ఇది సగమే నిజం. ఇక్కడ ఉన్నవి రెండు రికార్డులు. మీరు ఫలానా తేదీన ఆరు గంటల పన్నెండు నిమిషాలకు వచ్చారన్నది హాజరు రికార్డు. దాన్ని ఉంచాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో రిజిస్టర్లు మూడేళ్లు ఉంచాలని ఉండేది. జీతం, ఓటీ తగాదా వస్తే ఆ రికార్డే మీ వైపు సాక్ష్యం, దాన్ని తుడవమని ఎప్పుడూ అడగకండి. రెండోది మీ వేలి టెంప్లేట్. రేపు మళ్లీ మిమ్మల్ని గేటు దగ్గర గుర్తుపట్టడానికి తప్ప అది దేనికీ పనికిరాదు. మానేసిన మనిషిని రేపు గుర్తుపట్టే పనే లేదు. కొత్త నియమాల్లో సమాచారాన్ని, లాగ్‌లను కనీసం ఏడాది ఉంచాలనే మాట ఒకటి ఉంది. అది అమల్లోకి వచ్చాక హెచ్‌ఆర్ దాన్ని చూపించవచ్చు. చూపించనివ్వండి. ఏడాది దాటాక అదే నియమం తుడవమంటుంది.

మీది తుడిచారో లేదో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఫుల్ అండ్ ఫైనల్ అయిన రోజు, సెక్యూరిటీ వాళ్లను అడిగి, ప్రతి మిషన్ మీదా మీరు పంచ్ వేసే వేలు, స్పేర్‌గా ఇచ్చిన రెండో వేలు పెట్టి చూడండి. గేటు మిషన్ వద్దంటుంది, క్యాంటీన్ మిషన్ థాంక్యూ అంటుంది. నేను చూసిన చోట్ల ఎక్కువసార్లు ఇదే జరిగింది. కంప్యూటర్‌లో డిలీట్ కొడితే అన్ని మిషన్ల నుంచీ దానంతట అదే పోతుందనుకుంటారు. ఆ సమయంలో నెట్‌వర్క్‌లో లేని మిషన్‌లో అది అలాగే ఉండిపోతుంది. కంప్యూటర్, బ్యాకప్ సంగతి వేలితో తేలదు, రాతలో అడగాల్సిందే. ఇలా రాస్తే చాలు:

"నేను ఫలానా తేదీన ఉద్యోగం మానేశాను. నా ఎంప్లాయీ కోడ్ ఇది. నా వేలిముద్ర, ముఖం టెంప్లేట్లు ఏ ఏ మిషన్లలో, ఏ కంప్యూటర్‌లో, ఏ వెండర్ దగ్గర ఉన్నాయో తెలపండి. వాటిని తొలగించి, తొలగించిన తేదీ రాతపూర్వకంగా ఇవ్వండి. నా హాజరు, జీతం రికార్డులను మాత్రం చట్టప్రకారం ఉంచండి. నా ఆధార్, బ్యాంకు వివరాలు ఇంకెవరికైనా ఇచ్చి ఉంటే వారి పేర్లు తెలపండి."

దీన్ని మెయిల్ చేసి కాపీ ఉంచుకోండి. ఇప్పటి నియమాల ప్రకారం కంపెనీ ఫిర్యాదుల అధికారి నెలలోపు పరిష్కరించాలి. చెయ్యకపోతే, నష్టం జరిగిందని చూపగలిగితే, ఐటీ చట్టం కింద తీర్పరి అధికారిగా ఉండే రాష్ట్ర ఐటీ కార్యదర్శి దగ్గరికి వెళ్లవచ్చు. మీ వివరాలు ఎవరికి ఇచ్చారో వాళ్ల పేర్లు చెప్పి తీరాలని మాత్రం కంపెనీని ఒత్తిడి చేసే దారి సన్నగానే ఉంది, అందుకే మీరు అడిగారన్న రుజువు ముఖ్యం. ఇంకో పని ఈ సాయంత్రమే చెయ్యొచ్చు. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. ఫ్యాక్టరీ పంచ్‌కు దానితో ఏ అడ్డంకీ రాదు, ఎందుకంటే ముందే చెప్పినట్టు ఆ మిషన్‌కు ఆధార్‌తో పనిలేదు.

ఇక్కడున్న హెచ్‌ఆర్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మనిషి మానేసేటప్పుడు మీరు నో డ్యూస్ ఫారం నింపిస్తారు. లాకర్ తాళం, హెల్మెట్, షూస్, ఐడీ కార్డు అని వరుసగా ఉంటాయి, అన్నీ మనిషి కంపెనీకి తిరిగి ఇవ్వాల్సినవే. ఆ ఆపరేటర్ వచ్చి వెళ్లిన వారం, మా ఫారంలో కింద ఒక వరుస చేర్చాను: 'వేలిముద్ర తొలగింపు: మెయిన్ గేటు, క్యాంటీన్, కంప్యూటర్, వెండర్. చేసినవారి సంతకం.' మొదట్లో మా మేనేజర్ విసుక్కున్నారు. వెండర్ గడిలో సంతకం కోసం మూడు నెలలు ఫోన్లు చేశాను. చివరికి ఆయన బ్యాకప్ ఎక్కడుందో రాసిచ్చాడు. ఫారం నకళ్లు తెచ్చాను, బల్ల మీద ఉన్నాయి, వెళ్లేటప్పుడు ఒకటి తీసుకోండి.