హాలు గోడ గురించి రెండు మాటలు

కాలనీ పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం. లెక్కలు చెప్పమని నన్ను నిలబెట్టారు. లెక్కలు మీ చేతిలో ఉన్న కాగితంలోనే ఉన్నాయి, చదువుకోండి. నాకు మాత్రం ఈ వెనక గోడ గురించి చెప్పాలి. ఒకసారి అందరూ ఇటు చూడండి.

మన నల్లగొండ ఎండలకు టేపు బంక మెత్తబడి రంగును గట్టిగా పట్టుకుంటుంది. ఇక్కడ పుట్టినరోజు అయిపోయాక, గోడకు టేపుతో అంటించిన బెలూన్లను సర్రున లాగారు. రంగు పెచ్చులు పెచ్చులుగా టేపుతోనే పోయింది. మిగిలిన బంక మీద ఎవరో థిన్నర్ రుద్దారు. ఎమల్షన్ కరిగి, మరక ఇంకా పెద్దదైంది. పక్కనున్న స్విచ్ బోర్డు మీద కూడా అదే రుద్దారు, ప్లాస్టిక్ నిగనిగ పోయి తెల్లగా మబ్బు పట్టింది. దాన్ని ఇక మార్చాల్సిందే. థిన్నర్ చేసే పని బంకకూ ప్లాస్టిక్‌కూ తేడా చూడదు. ప్లాస్టిక్ మీద స్టిక్కర్ జిగురుకు కొబ్బరినూనె చాలు, తర్వాత సబ్బునీళ్లతో తుడవాలి.

కానీ గోడకు నూనె వద్దు! అక్కడే చాలామంది పొరబడతారు. ఎమల్షన్ నూనెను పీల్చుకుంటుంది, నల్లటి మచ్చ నిలుస్తుంది, పైన వేసే కొత్త రంగు కూడా దానిపై పట్టదు.

గోడ మీద టేపుకు హెయిర్ డ్రయర్ కావాలి. జానెడు దూరంలో పట్టుకొని, ఒకేచోట ఆపకుండా అర నిమిషం తిప్పాలి. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండాలి, కాలకూడదు. ఒక మూల ఎత్తి, టేపును మీ వైపు కాదు, గోడకు ఆనించి వెనక్కి మడిచి మెల్లగా లాగాలి. రంగు లేస్తున్నట్టు కనబడితే ఆగి, మళ్లీ వేడి పెట్టాలి. మిగిలిన బంకను వేలితోనో పెన్సిల్ రబ్బరుతోనో దొర్లిస్తే ఉండలై రాలుతుంది. చివరకు గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, బాగా పిండిన గుడ్డతో అద్దినట్టు తుడవాలి.

ఇదంతా మొదలుపెట్టే ముందు, తలుపు వెనకున్న గోడను వేలితో రుద్ది చూడండి. వేలికి సున్నంలాగా పొడి అంటితే అది డిస్టెంపరో, సున్నమో. దానికి తడి తగిలితే రంగే వస్తుంది. అక్కడ రబ్బరు ఒక్కటే.

వేడి పెట్టినా రంగు లేస్తోందంటే తప్పు టేపుది కాదు. లోపల తేమ ఉంది, లేదా దుమ్ము దులపకుండా రంగు వేశారు. ఆ ముక్క గీకి, పుట్టీ, ప్రైమర్ వేసి మళ్లీ రంగు వేయాలి.

కిటికీ అద్దానికి మాత్రం ఇంత కష్టం లేదు. సబ్బునీళ్లు చల్లి, బ్లేడును అద్దానికి వాలుగా ఆనించి ఒకే దిక్కుకు తోయండి. పొడి అద్దం మీద బ్లేడు పెట్టకండి, గీతలు పడతాయి. సన్ ఫిల్మ్ ఉన్న అద్దం మీద బ్లేడే వద్దు.

వచ్చే ఆదివారం ఇక్కడ నామకరణం ఉంది. డబుల్ టేపు తేకండి అక్కా, కిటికీ చువ్వలకు దారం కట్టుకోండి. ఇక, మూలన పడి ఉన్న హెయిర్ డ్రయర్ ఎవరింట్లోనైనా ఉంటే హాలుకు ఇవ్వండి. బీరువాలో పెట్టి తాళం చెవి వాచ్‌మన్ దగ్గర ఉంచుతాను.