దారం ఎంత పొడవుండాలి?

అధ్యక్షులవారికి, ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం. నన్ను శాంకవాల గురించి మాట్లాడమన్నారు. పరావలయం, అతిపరావలయం కూడా అందులోవే కానీ ఈరోజు వాటి జోలికి వెళ్లను. దీర్ఘవృత్తం గీయడం గురించి చాలాకాలంగా నాకొక బాధ ఉంది. దాన్ని చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి సభ దొరకదు.

రెండు గుండుసూదులు గుచ్చండి, దారాన్ని ఉచ్చులా ముడివేసి వాటి చుట్టూ వేయండి, పెన్సిల్‌తో బిగుతుగా లాగి చుట్టూ తిప్పండి అని అందరూ చెబుతారు. సూదుల మధ్య ఎంత దూరం? దారం ఎంత పొడవు? అడిగితే "తగినంత" అంటారు. ఇదే నా బాధ. ఆ రెండు కొలతలు చెప్పకపోతే ఆ బొమ్మ ఎందుకు వస్తోందో కూడా చెప్పనట్టే.

20 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దీర్ఘవృత్తం కావాలనుకుందాం. ముందు ఉచ్చును చూడండి. పెన్సిల్ ఎక్కడున్నా దారం మూడు ముక్కలుగా ఉంటుంది: పెన్సిల్ నుంచి ఒక సూదికి, పెన్సిల్ నుంచి రెండో సూదికి, సూది నుంచి సూదికి. ఆఖరి ముక్క మారదు, ఎందుకంటే సూదులు కదలవు. మొత్తం దారమూ మారదు. కాబట్టి మిగిలిన రెండు ముక్కల మొత్తం మారడానికి వీల్లేదు. ఒకటి ఎంత పెరిగితే రెండోది అంత తగ్గాలి. రెండు నాభుల నుంచి దూరాల మొత్తం స్థిరంగా ఉండే బిందువుల బాటే దీర్ఘవృత్తం. సూదులున్న చోట్లే ఆ నాభులు.

ఆ స్థిరమైన మొత్తం ఎంత? పెన్సిల్‌ను పొడవు చివరికి తీసుకెళ్లి చూస్తే, అది సరిగ్గా దీర్ఘవృత్తం పొడవే, 20. ఇప్పుడు వెడల్పు చివరికి రండి. అక్కడ రెండు ముక్కలూ సమానం, చెరో 10. మధ్యబిందువు నుంచి ఎత్తు 6. పైథాగరస్ ప్రకారం సూది మధ్యబిందువుకు 8 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అంటే సూదుల మధ్య 16. ఉచ్చు మొత్తం 20, 16 కలిపి 36. చాలామంది ఆ 16ను మరిచిపోయి 20 సెంటీమీటర్ల ఉచ్చు కడతారు. అది సూదుల చుట్టూ పట్టనే పట్టదు, అక్కడికే 32 కావాలి.

దీర్ఘవృత్తమంటే ఒక వైపు నొక్కిన వృత్తమని కూడా చెబుతారు. మరి ఆ నొక్కిన వృత్తమూ, ఈ దారం గీతా ఒకటేనా అని ఎవరైనా అడగాలి. విద్యార్థులారా, ఆ ప్రశ్న మీరే అడగాలి! 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో కేంద్రానికి 8 దూరంలో ఎత్తు 6. వెడల్పు 20 నుంచి 12కు తగ్గేలా నొక్కితే ప్రతి ఎత్తూ 0.6 వంతు అవుతుంది, కాబట్టి అక్కడ 3.6. ఆ బిందువు ఒక సూదికి నిలువుగా పైన ఉంది. దగ్గరి సూదికి దూరం 3.6, దూరపు సూదికి 16.4. కలిపితే 20! ఈ ఒక్క బిందువే రుజువు కాదు, కానీ ప్రతి బిందువుకూ ఇలాగే కుదురుతుందని బీజగణితం చూపిస్తుంది.

ఇక్కడ భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ గురించి చెప్పకుండా ఉండలేను. 1846లో, 14 ఏళ్ల వయసులో, ఆయన ఈ సూదులు, దారంతోనే కూర్చుని, ఒక సూది దూరం రెండుసార్లు లెక్కకు వచ్చేలా దారం చుడితే ఏమవుతుందని ఆలోచించాడు. దీర్ఘవృత్తం పోయి, ఒక పక్క సన్నబడిన అండాకారం వస్తుంది. కుర్రవాడు కాబట్టి ఆ వ్యాసాన్ని ఎడిన్‌బరో రాయల్ సొసైటీలో ఫోర్బ్స్ అనే ప్రొఫెసర్ చదివి వినిపించాడు. ప్రతి ముక్కనూ విడిగా లెక్కపెట్టాడు కాబట్టే మాక్స్‌వెల్‌కు ఆ ప్రశ్న తట్టింది. "తగినంత దారం" అనుకుంటే తట్టేదా?

సరే, మన బొమ్మకు వద్దాం. పెన్సిల్ లాగుతుంటే దారం సాగుతుంది. ఉచ్చు 5 మిల్లీమీటర్లు సాగిందనుకోండి. పొడవు 20.5 అవుతుంది, అంతే. వెడల్పు మాత్రం దాదాపు 12.8కి పోతుంది. పొడవు కొలిచి సరిపోయిందనుకుంటే మోసపోతాం. సూది నుంచి నిలువుగా గీత దాకా కొలవండి. 3.6 రావాల్సింది 4 వస్తే దారం సాగిందన్నమాట. గీత మొదలైన చోటుకు తిరిగొచ్చి కలవకపోయినా తప్పు దారానిదో, ఒరిగిన సూదిదో అయి ఉంటుంది.

అందుకే దారాన్ని స్కేలుతో కొలవకండి, ముడి కొంత పొడవు తినేస్తుంది. వెడల్పు చివర, మధ్య నుంచి 6 సెంటీమీటర్ల ఎత్తున మూడో సూది గుచ్చండి. మూడు సూదుల చుట్టూ సాగని దారాన్ని బిగించి ముడివేయండి. మూడో సూది తీసేసి అక్కడ పెన్సిల్ పెట్టండి. పొడవు చివర కూడా సూది గుచ్చి కట్టవచ్చు, కానీ వద్దు. దారంలో తేడా వస్తే ఎక్కువగా చెడేది వెడల్పే కాబట్టి, ముడి అక్కడే సరిచూసి వేయాలి.