గళ్లు గీసి లెక్కపెడితే చాలు: నాణేలు, పాచికలు, పేకముక్కలు

నమస్కారం అండీ. ముందు ఒక చిన్న పందెం వేద్దాం. ఒక నాణేన్ని రెండుసార్లు ఎగరేయొచ్చు. ఒక్కసారైనా బొమ్మ పడితే మీరు గెలిచినట్టు. మొదటిసారే బొమ్మ పడిందనుకోండి, ఇక రెండోసారి ఎగరేసే పనే లేదు, ఆట అక్కడితో సరి. మీరు గెలిచే అవకాశం ఎంత? వీడియో ఆపి, కాగితం మీద ఏదో ఒక జవాబు రాసుకోండి.

రాశారా? ఫ్రాన్స్‌లో డాలంబేర్ అని పెద్ద గణిత శాస్త్రవేత్త ఉండేవాడు. 1754లో ఆయన ఈ లెక్కే చేశాడు. ఆట మూడు రకాలుగా ముగుస్తుంది అన్నాడు. మొదటిసారే బొమ్మ. లేదంటే ముందు బొరుసు, తర్వాత బొమ్మ. లేదంటే రెండుసార్లూ బొరుసే. మూడింటిలో రెండు గెలుపులు కాబట్టి 2/3 అని తేల్చాడు.

ఆయన జాబితాలో ఏ ముగింపూ తప్పిపోలేదు. మరి తేడా ఎక్కడ వచ్చింది? స్క్రీన్ మీద నాలుగు గళ్లు గీస్తున్నాను, చూడండి.

బొమ్మ, బొమ్మ
బొమ్మ, బొరుసు
బొరుసు, బొమ్మ
బొరుసు, బొరుసు

ఆట ముగిసిపోయినా సరే, రెండో నాణెం కూడా ఊరికే ఎగరేశాం అనుకోండి. దాంతో గెలుపు ఓటమి మారవు. ఇప్పుడు డాలంబేర్ చెప్పిన 'మొదటిసారే బొమ్మ' అనేది పైనున్న రెండు గళ్లనూ కలిపి పట్టుకున్న మాట అని తెలిసిపోతుంది. మిగతా రెండు ముగింపులకూ ఒక్కో గడే ఉంది. సైజులు వేరుగా ఉన్నవాటిని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు, అదీ సంగతి. నాలుగు గళ్లలో మూడు గెలుపులు, కాబట్టి జవాబు 3/4.

టెన్త్ పుస్తకంలో 'సమసంభవ పర్యవసానాలు' అని ఒక మాట ఉంటుంది, అంటే అన్నింటికీ ఒకే అవకాశం ఉన్న ఫలితాలు. పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేస్తాం. ఈ వీడియో మొత్తం దాని మీదే. nCr లాంటి సూత్రాలు అక్కర్లేదు. గళ్లన్నీ ఒకే సైజులో ఉన్నాయో లేదో చూసుకుని, వేళ్లతో లెక్కపెట్టడమే.

ఇప్పుడు పాచికలకు వద్దాం. ఇది నాకు బాగా ఇష్టమైన లెక్క, కాస్త నిదానంగా చేద్దాం. ఇటలీలో జూదగాళ్లు మూడు పాచికలు వేసి మొత్తం మీద పందెం కాసేవాళ్లు. వాళ్లకు ఒక అనుమానం వచ్చింది. 9 రావడానికి ఆరు దారులు ఉన్నాయి, 10 రావడానికీ ఆరే. అయినా 10 కొంచెం ఎక్కువసార్లు పడుతున్నట్టుంది, ఎందుకు? 17వ శతాబ్దం మొదట్లో గెలీలియో దీనికి జవాబు రాశాడు. అవును, టెలిస్కోప్ గెలీలియోనే.

ఆ ఆరేసి దారులు ఇవీ.

9 కోసం: 1-2-6, 1-3-5, 2-3-4, 1-4-4, 2-2-5, 3-3-3.
10 కోసం: 1-3-6, 1-4-5, 2-3-5, 2-2-6, 2-4-4, 3-3-4.

చూడ్డానికి సమానంగానే ఉన్నాయి కదా. ఇప్పుడు పాచికలకు రంగులు వేద్దాం: ఎరుపు, తెలుపు, నీలం. రంగు వేసినంత మాత్రాన పాచిక పడే తీరు మారదు, మన కంటికి తేడా తెలుస్తుంది, అంతే. ఎర్రదాని మీద ఆరు అంకెలు, ఒక్కోదానికీ తెల్లదాని మీద ఆరు, మళ్లీ నీలందాని మీద ఆరు. ఆరార్లు ముప్ఫై ఆరు, ఇంకో ఆరు పెడితే 216 గళ్లు. ఇవన్నీ ఒకే సైజు.

1-2-6 ఎన్ని గళ్లలో ఉంటుంది? 1 ఎరుపు మీద పడితే మిగతా రెండూ రెండు రకాలుగా పడొచ్చు. 1 తెలుపు మీద పడినా రెండు, నీలం మీద పడినా రెండు. మొత్తం ఆరు. 1-4-4 సంగతి చూడండి. ఆ ఒక్క 1 ఎక్కడ పడిందో చెబితే చాలు, మిగతా రెండూ నాలుగులే. ఎరుపా, తెలుపా, నీలమా, మూడే గళ్లు. ఇక 3-3-3? ఏ రంగు చూసినా మూడే. ఒకే ఒక్క గడి.

ఇప్పుడు కూడదాం. 9లో మూడు అంకెలూ వేరువేరుగా ఉన్న దారులు మూడు, ఒక్కోదానికి ఆరు గళ్ల చొప్పున 18. జంట ఉన్నవి రెండు, మూడేసి చొప్పున 6. 3-3-3కి 1. మొత్తం 25. 10లో వేరువేరు అంకెలవి మూడు, అవీ 18. జంట ఉన్నవి మాత్రం మూడు, కాబట్టి 9. మొత్తం 27.

రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఐదు దారులు సరిగ్గా సరిపోతాయి. ఆరోదాంట్లో మాత్రం, ఇటు 3-3-3 ఒక గడితో ఉంటే, అటు జంట ఉన్న దారి మూడు గళ్లతో ఉంది. జూదగాళ్ల గొడవంతా ఈ రెండు గళ్లదే. 216లో రెండు గళ్లంటే 108లో ఒకటి. సగటున 108 సార్లు పాచికలు వేస్తే 10 అనేది 9 కన్నా ఒక్కసారి ఎక్కువ వస్తుంది. ఇంత చిన్న తేడాని ఆడుతూ ఆడుతూ పసిగట్టారంటే, ఎన్నెన్ని రాత్రులు ఆడారో మరి!

లెక్క తప్పిందేమో చూసుకోవడానికి ఇక్కడ ఒక మంచి దారి ఉంది. పాచికలో ఎదురెదురు ముఖాల మొత్తం ఎప్పుడూ 7. మూడు పాచికల్ని గాజు బల్ల మీద వేసి, పైన 9 వచ్చిందనుకోండి. బల్ల కింద నుంచి చూస్తే 21లోంచి 9 పోగా 12 కనిపిస్తుంది. అంటే 9కి ఎన్ని గళ్లో 12కీ అన్నే ఉండాలి. అలాగే 10కీ 11కీ సమానం. 12కి విడిగా గళ్లు రాసి చూడండి, 25 రాకపోతే ఎక్కడో ఒక దారి మరిచిపోయినట్టే.

పేకముక్కలతో చేసేదే అసలు చిక్కు లెక్క. మొత్తం పేక వద్దు, నాలుగే ముక్కలు తీసుకుందాం: ఇస్పేటు ఆసు, ఆఠీను ఆసు, ఇస్పేటు రాజు, ఆఠీను రాజు. కలిపి, మీ స్నేహితుడికి రెండు ముక్కలు పంచారు. ఆయన చేతిలో రెండూ ఆసులే ఉండే అవకాశం ఎంత?

జతలు రాద్దాం. ఆసులు రెండూ కలిసిన జత ఒకటి. రాజులు రెండూ కలిసింది ఒకటి. ఒక ఆసు, ఒక రాజు ఉన్నవి నాలుగు. మొత్తం ఆరు, అన్నీ ఒకే సైజు. జవాబు 1/6, ఇందులో పేచీ లేదు.

ఇప్పుడు మీరు అడిగారు: "నీ దగ్గర ఒక్క ఆసైనా ఉందా?" ఆయన "ఉంది" అన్నాడు. రాజుల జత కొట్టేయండి. ఐదు గళ్లు మిగిలాయి, అందులో ఆసుల జత ఒకటి. 1/5.

ఆ ప్రశ్న కాకుండా ఇలా అడిగారనుకోండి: "నీ దగ్గర ఇస్పేటు ఆసు ఉందా?" ఆయన "ఉంది" అన్నాడు. ఇస్పేటు ఆసు ఉన్న జతలు మూడే: ఆఠీను ఆసుతో, ఇస్పేటు రాజుతో, ఆఠీను రాజుతో. అవకాశం 1/3 అయింది!

ఇక్కడ చాలామంది ఒప్పుకోరు. "ఏ ఆసైతే ఏంటండీ, పేరు చెప్పినంత మాత్రాన అవకాశం పెరుగుతుందా?" అని అడుగుతారు. గళ్లు చూడండి. రెండో ప్రశ్నతో ఆఠీను ఆసు పక్కన రాజు ఉన్న రెండు జతలు కూడా ఎగిరిపోయాయి. ఆసుల జతకి మాత్రం ఏమీ కాలేదు, రెండు ప్రశ్నలకీ అది నిలబడింది. పక్కవాళ్లు తగ్గితే దాని వాటా పెరిగింది, అంతే.

సరే, ఇంకో మెలిక. మీరు ఏమీ అడగలేదు. ఆయన తన రెండు ముక్కల్లో చూడకుండా ఒకటి లాగి బల్ల మీద పెట్టాడు. అది ఆసు. ఏ ఆసో మీరు గమనించలేదు. ఇప్పుడు రెండోది కూడా ఆసయ్యే అవకాశం ఎంత? 'ఒక ఆసు ఉంది' అనేగా తెలిసింది, 1/5 అనేయబోతారు. ఆగండి.

ఇక్కడ ఏ జత పడిందన్నదే కాదు, అందులోంచి ఏ ముక్క బయటికి వచ్చిందన్నది కూడా ఆటలో భాగమే. కాబట్టి ఒక్కో జత గడినీ రెండుగా చీల్చాలి: ఇది చూపించాడు, అది చూపించాడు. మొత్తం 12 చిన్న గళ్లు. ఆసు కనిపించేవి ఎన్ని? ఆసు-రాజు జతలు నాలుగింటిలో ఒక్కోదాంట్లో ఒకటి, అంటే నాలుగు. ఆసుల జతలో ఏది లాగినా ఆసే, కాబట్టి రెండు. మొత్తం ఆరింట రెండు, అంటే 1/3.

అందుకే 'కనీసం ఒక ఆసు ఉంది' అని మాత్రమే చెప్పి వదిలేసే పరీక్ష ప్రశ్నల మీద ఎడతెగని వాదనలు. ఆ కబురు మనకు ఎలా తెలిసిందో ప్రశ్నలో ఉండాలి. అడిగితే చెప్పాడా, ముక్క దానంతట అదే బయటపడిందా అన్నదాన్ని బట్టి గళ్లు మారిపోతాయి. అది తేల్చుకోకుండా సూత్రంలో అంకెలు వేస్తే ఏదో ఒక జవాబు వస్తుంది, కానీ ఏ ప్రశ్నకి వచ్చిందో మనకే తెలియదు.

ఈ పద్ధతి ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తాం. ఒక్కోటి వెల్లకిలానో బోర్లానో పడుతుంది, కాబట్టి 16 గళ్లు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. గళ్లు లెక్కపెడితే రెండింటికీ 1/16 చొప్పున రావాలి. కానీ గవ్వకి ఒకవైపు ఉబ్బు, ఇంకోవైపు చీలిక. రెండు వైపులకీ సమానంగా పడాలని ఎక్కడా లేదు. గళ్లు పదహారే అయినా ఒకే సైజు కావు. అక్కడ ఒక గవ్వని పట్టుకుని వందలసార్లు వేసి, ఎన్నిసార్లు వెల్లకిలా పడిందో రాసుకోవాల్సిందే. వేరే దారి లేదు.

చివరగా మీరు చేయాల్సింది ఒకటి. ఆ నాలుగు పేకముక్కలకి డైమన్ రాజుని కూడా కలపండి. ఇప్పుడు ఐదు ముక్కలు, పది జతలు. అవే మూడు ప్రశ్నలు మళ్లీ వేయండి: ఒక్క ఆసైనా ఉందంటే, ఇస్పేటు ఆసు ఉందంటే, చూడకుండా లాగిన ముక్క ఆసైతే. వరసగా 1/7, 1/4, 1/4 రావాలి. మొదటిదే తేడా వస్తే, మీ జాబితాలో ఆసు-రాజు జతలు ఆరూ ఉన్నాయో లేదో చూడండి. మూడోది తేడా వస్తే, ఆసుల జతని రెండుగా చీల్చడం మరిచిపోయి ఉంటారు.